ఫోటో కింద రెండు ముక్కలు

వాట్సాప్‌లో మనవరాలి ఫోటో వస్తుంది. పార్కులో జారుడుబల్ల పక్కన నిలబడి నోటినిండా నవ్వుతుంటుంది. కింద రెండు గుండె బొమ్మలు ఉంటాయి. చూస్తాం, పెద్దది చేసి మళ్లీ చూస్తాం, పక్కింటావిడకు చూపిస్తాం, బొటనవేలు బొమ్మ ఒకటి నొక్కి పంపిస్తాం. ఆ తర్వాత చేయడానికేమీ ఉండదు. ఆదివారం వీడియో కాల్ వచ్చినప్పుడు "తిన్నావా? బడికి వెళ్తున్నావా? బాగున్నావా?" అని అడుగుతాం. పిల్ల మూడింటికీ "ఊఁ" అని చెప్పి ఆటలోకి పరుగెడుతుంది. పిల్లకు ప్రేమ లేదని మేమూ అనుకోం, మీరూ అనుకోకండి. నిన్న ఆ పిల్లకు ఏం జరిగిందో మాకు తెలియదు. తెలియనప్పుడు అడగడానికి ఆ మూడు ప్రశ్నలే మిగులుతాయి.

నేను ఆ ఫోటోలు అందుకునే వైపు మనిషిని. మా అమ్మాయి కుటుంబం అమెరికాలో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది. నేను, మా ఆయన తణుకులో ఉంటాం. అల్లుడి అమ్మగారు, అంటే మా వియ్యపురాలు, జగిత్యాల దగ్గర పల్లెలో ఉంటుంది. కాబట్టి ఒకే పిల్ల ఫోటోలు రెండు రకాల ఇళ్లకు చేరుతుంటాయి. ఏ ఫోటో దగ్గర మేం ఆగుతామో, ఏది చూసి పక్కన పెట్టేస్తామో ఈ వైపున కూర్చుంటే బాగా తెలుస్తుంది. ఫోటోలు ఎలా తీయాలో నేను చెప్పనక్కర్లేదు, మీ ఫోన్లే బాగా తీస్తున్నాయి. దూరాన ఉండి ఫోటోలు పంపే మీకు, ఫోటో కింద రాసే రెండు ముక్కల గురించి చెబుతాను.

జారుడుబల్ల ఫోటోనే తీసుకుందాం. దాని కింద "పార్కులో ఎంజాయ్ చేస్తోంది" అని రాశారనుకోండి. అది మాకు ఫోటోలోనే కనిపిస్తోంది. అదే ఫోటో కింద "ఈ పెద్ద జారుడుబల్ల అంటే నిన్నటిదాకా భయం. ఇవాళ తనే ఎక్కింది. జారేటప్పుడు ఒక చెప్పు మధ్యలోనే ఉండిపోయింది" అని రాస్తే మాకు ఎన్ని ప్రశ్నలు దొరుకుతాయో చూడండి. చెప్పు ఎవరు తెచ్చారు? మళ్లీ ఎక్కిందా? భయం ఎలా పోయింది? వీటిలో ఏది అడిగినా పిల్ల "ఊఁ" అనదు, కథ మొదలుపెడుతుంది.

కాబట్టి కంటికి కనిపించేది రాయకండి. గౌను రంగు, కేకు, ఎండ, నవ్వు మేం చూసుకుంటాం. ఫోటో తీయడానికి ముందు ఏం జరిగింది, తీశాక ఏం జరిగింది, పక్కనున్నది ఎవరు, పిల్ల ఆ క్షణంలో ఏమంది అనేవి కెమెరాకు దొరకవు. వాటిలో ఒకటో రెండో రాయండి చాలు. పిల్ల అన్న మాటను మాత్రం దిద్దకుండా, దాని నోట్లోంచి ఎలా వచ్చిందో అలాగే రాయండి. తెలుగులో ఇంగ్లీషు కలిపినా, క్రియ తప్పినా అలాగే ఉండనివ్వండి. చదివేటప్పుడు దాని గొంతు మాకు వినపడేది ఆ తప్పుల్లోనే.

పక్కనున్న వాళ్ల పేర్లు కూడా రాయండి. "ఫ్రెండ్‌తో" అని రాస్తే ఆ పిల్ల మాకు ఎప్పటికీ ఎవరో ఒక ఫ్రెండ్‌గానే ఉంటుంది. "మాయ, బస్సులో పక్కన కూర్చునే అమ్మాయి" అని ఒక్కసారి రాసి, ఆ తర్వాత ఉట్టి "మాయ" అంటే చాలు. నెల తిరిగేలోపు మాయకు జలుబు చేసిందన్నా మేం కంగారుపడతాం. బడి బస్సు డ్రైవరు, టీచరు, పక్కింటి కుక్క, అందరికీ పేర్లుంటాయి కదా. మీ ఊళ్లో రోజూ పిల్లకు ఎదురయ్యేవాళ్లు నలుగురో ఐదుగురో ఉంటారు. ఆ పేర్లు మాకు తెలిస్తే మీ వీధి మాకు సగం తెలిసినట్టే.

ఇక ఒక ఉదాహరణ పూర్తిగా చెబుతాను. మొన్న వేసవికి ముందు మా మనవరాలికి పాలపన్ను ఊడిన కథ ఇది. దానికి ఆరేళ్లు. ఆ వయసులో సాధారణంగా కింది వరుస ముందుపళ్లే మొదట కదులుతాయి, దానికీ అంతే.

సోమవారం నాడు వచ్చిన ఫోటోలో నోరు తెరిచి వేలు పెట్టి చూపిస్తోంది. కింద మా అమ్మాయి ఇలా రాసింది: "కింద ముందుపన్ను కదులుతోంది. యాపిల్ కొరుకుతుంటే తెలిసింది. 'నా టూత్ డ్యాన్స్ చేస్తుంది' అంటోంది. భయం ఏమీ లేదు, గర్వంగా ఉంది." ఆ చివరి మాట లేకపోతే నేను ఆ రోజంతా పిల్లకు నొప్పేమో అని ఆలోచించేదాన్ని. పొద్దున కాఫీ తాగుతూ చూశాను. వెంటనే మైకు గుర్తు నొక్కి, "నాలుకతో తొయ్యమ్మా, చేత్తో లాగకు" అని చెప్పి పంపాను.

బుధవారం వచ్చిన ఫోటోలో పిల్ల లేదు. ఒక పళ్లెం, అందులో కాగితంలా సన్నగా కోసిన యాపిల్ ముక్కలు. కింద "అమ్మమ్మ చెప్పిందని నాలుకతోనే తోస్తోంది. నేను చెయ్యి పెట్టబోతే 'అమ్మమ్మ నో చెప్పింది' అని మూతి మూసేసింది. ఇప్పుడు యాపిల్ ఇలా కోస్తేనే తింటోంది" అని ఉంది. పిల్ల ముఖం లేని ఆ ఫోటోను నేను ఎక్కువసేపు చూశాను. నా మాట వాళ్ల వంటింట్లోకి వెళ్లిందని తెలిసింది.

శుక్రవారం పన్ను బాగా వేలాడుతున్న ఫోటో వచ్చింది. "క్లాసులో గోడ మీద పళ్ల పట్టిక ఉందట. పన్ను ఊడినవాళ్ల పేరు అందులో రాస్తారట. మాయ పేరు రెండుసార్లు ఉందట, మనది ఇంకా ఎక్కలేదు. మీ ఊళ్లో ఊడిన పన్ను ఏం చేస్తారో అమ్మమ్మని అడగమంది." ఇది నన్ను అడిగిన ప్రశ్న, నేనే చెప్పాల్సింది. మా ఇంట్లో పన్నును పేడ ముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేవాళ్లం. అదే చెప్పి పంపాను. తిరిగి దాని గొంతే వచ్చింది: "అమ్మమ్మా, పేడ అంటే?" ఆ సాయంత్రం మా ఆయన వీధి చివరకు వెళ్లి ఆవును, దాని వెనక కిందనున్న పేడను ఫోటో తీసి పంపించారు. ఆయన ఫోనులో ఫోటో తీసి ఎవరికైనా పంపడం అరుదు.

సోమవారం రాత్రి వాళ్లకు, మంగళవారం పొద్దున మాకు, అసలు కబురు వచ్చింది. అరచేతిలో చిన్న పన్ను, బియ్యపుగింజ అంత. "ఊడింది! పళ్లు తోముకుంటుంటే వచ్చేసింది. కాస్త రక్తం వచ్చింది, దూది పెట్టి కొరికిపట్టమంటే ఆగిపోయింది. ఇక్కడ పేడ దొరకదు కదా, పూలకుండీ మట్టి తడిపి ఉండ చేశాం. రేపు వాళ్ల నాన్న భుజాల మీద ఎక్కి విసురుతుంది." ఆ మర్నాడు వాళ్ల ఇంటి కప్పు ఫోటో వచ్చింది. అందులో కప్పు తప్ప ఏమీ లేదు. ఫోన్లో గీత గీసే పెన్సిల్‌తో మా అమ్మాయి ఒక ఎర్ర బాణం గుర్తు వేసింది. "బాణం దగ్గర ఉంది పన్ను. రెండుసార్లు గడ్డిలో పడింది, మూడోసారికి ఎక్కింది. పళ్లు తీసుకెళ్లి డబ్బులు పెట్టే దేవత వస్తుందని బడిలో చెప్పారు కదా, దిండు కింద చీటీ రాసి పెట్టింది: పన్ను పైన ఉంది, అక్కడ తీసుకో అని."

ఆ ఆదివారం వీడియో కాల్‌లో నేను "తిన్నావా" అని అడగలేదు. "పట్టికలో పేరు ఎక్కిందా? మాయ పక్కన రాశారా, కింద రాశారా?" అని అడిగాను. పిల్ల ఫోను పట్టుకుని గదిలోకి వెళ్లిపోయి చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ల అమ్మ అడిగినా ఫోను ఇవ్వలేదు.

ఈ కథలో మా అమ్మాయి రాసినవన్నీ మూడు నాలుగు, మహా అయితే ఐదు చిన్న వాక్యాలు. పదిరోజుల్లో ఐదే ఫోటోలు. అయినా మేం ఆ పదిరోజులూ ఆ పన్నుతోనే ఉన్నాం. ఎందుకంటే అన్నీ ఒకే విషయం మీద నడిచాయి, ప్రతి ఫోటో కింద మాటా ముందుదాన్ని అందుకుంది, తర్వాత ఏం కానుందో కొంచెం వదిలిపెట్టింది. మధ్యలో మేం చెప్పిన మాటతో అక్కడ ఒక పని జరిగింది, ఆ పని ఫోటోగా మాకు తిరిగొచ్చింది. నా సలహాలన్నిటిలో ఇది ముఖ్యమైనది. మీ అమ్మానాన్నలను ఏదైనా ఒకటి అడగండి, వాళ్లు చెప్పింది చేయండి, చేసింది చూపించండి. అడిగి వదిలేస్తే మాత్రం అడగకపోవడమే నయం. ఆవకాయ జాడీ మూత ఎలా కట్టాలో అడిగి, చెప్పించుకుని, ఆ జాడీ మళ్లీ ఏ ఫోటోలోనూ కనిపించకపోతే, అది మాట వరసకు అడిగిందని పెద్దవాళ్లకు తెలిసిపోతుంది.

అడిగేది నిజంగా మీకు తెలియనిది, వాళ్లకు తెలిసినది కావాలి. "పాప ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనడం తప్ప ఇంకేం చెప్పగలం? "కుండీలో టమాటా మొక్క ఆకులు ముడుచుకుంటున్నాయి, నీళ్లు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా?" అని ఆకు దగ్గరగా తీసిన ఫోటోతో తాతయ్యను అడగండి. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆకు వెనకవైపు ఫోటో కూడా పంపమంటాడు. మీకు ఇంకో ఫోటో కింద ఏం రాయాలో ఆయనే చెప్పినట్టవుతుంది.

పన్ను లాంటివి రోజూ దొరకవు కదా అంటారు. ఏ పెద్ద సంగతీ అక్కర్లేదు. బూట్ల తాడు తనే కట్టుకోవడం నేర్చుకుంటున్న వారం, గింజ నానేసి మొలక కోసం చూస్తున్న వారం, తమ్ముడికి అన్నప్రాశన అయ్యాక ఒక్కొక్క కూర రుచి చూపిస్తున్న నెల, కొత్త ఇంట్లో సామాను సర్దుకుంటున్న రోజులు, ఏదైనా సాగే పని ఒకటి ఎప్పుడూ ఉంటుంది. దాన్ని పట్టుకోండి. పుట్టినరోజు, పట్టుపావడా, గుడి ఫోటోలు ఎలాగూ పంపుతారు. వాటిలో పిల్ల అందంగా ఉంటుంది, కానీ ఆ రోజు ఎలా గడిచిందో వాటిని చూస్తే తెలియదు.

ఎప్పుడు పంపాలనేది కూడా చూసుకోవాలి. డాలస్‌కూ మనకూ వేసవిలో పదిన్నర గంటల తేడా, నవంబరు మొదటి ఆదివారం వాళ్ల గడియారాలు వెనక్కి తిప్పాక పదకొండున్నర. అక్కడ రాత్రి 8 గంటలకు పంపితే ఇక్కడ ఎండాకాలంలో పొద్దున 6:30, చలికాలంలో 7:30 అవుతుంది. పెద్దవాళ్లు లేచి కాఫీ పెట్టుకునే వేళ అది, మీరూ ఇంకా మేలుకునే ఉంటారు. మేం ఏదైనా అడిగితే జవాబు దొరుకుతుంది. అదే మీరు నిద్రపోయే ముందు పంపి ఫోను పక్కన పెట్టేస్తే, మా పగలంతా మీ రాత్రి. ఫోటోలో చిన్న అనుమానం ఉన్నా దాన్ని సాయంత్రం దాకా మోయాల్సిందే.

ఆ అనుమానం మీకు కనిపించని చోట పుడుతుంది. మీరు పిల్లను రోజూ చూస్తారు కాబట్టి ఫోటోలో నవ్వు చూస్తారు. మేం మెడ ఎముకలు చూస్తాం, కళ్ల కింద నలుపు చూస్తాం, మోచేతి మీద అంటించిన పట్టీ చూస్తాం. "చిక్కిపోయింది" అనే మాట అలా వస్తుంది, మీకు కోపమూ వస్తుంది. పంపే ముందు ఫోటోను ఒక్కసారి మా కళ్లతో చూడండి. దెబ్బ, దద్దురు, ఆసుపత్రి గోడ, చేతికి కట్టు కనిపిస్తే మొదటి వాక్యంలోనే దాని సంగతి తేల్చేయండి: "మోకాలు గీరుకుపోయింది, కడిగి పట్టీ వేశాం, ఇప్పుడు అదే కాలితో గెంతుతోంది." ముందు క్షేమం, తర్వాత జరిగింది. వరుస తిరగబడితే రెండో వాక్యం చదివేలోపు మా గుండె జారిపోతుంది. జ్వరం లాంటివి అసలు ఫోటోతో చెప్పకండి, ఫోను చేసి గొంతుతో చెప్పండి. తగ్గాక ఫోటో పంపండి.

రాసింది చదవగలగాలి కదా, దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడం మీకు అలవాటు. మా తరంలో తెలుగు పత్రిక గడగడా చదివేవాళ్లు కూడా ఆ రాత దగ్గర తడబడతారు. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివేసరికి పిల్ల అన్న మాటలోని ముద్దు పోతుంది. తెలుగు లిపిలో రాయండి. జీబోర్డులో తెలుగు భాషను కలుపుకుంటే మీరు ఇంగ్లీషు అక్షరాలు నొక్కినా తెలుగు వచ్చే పద్ధతి ఉంది. అదీ బద్ధకమైతే కీబోర్డు మీదున్న మైకు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాసిపెడుతుంది, ఒకసారి చూసుకుని పంపితే సరి. పేర్లు మాత్రం తప్పుగా పడుతుంటాయి.

మన అక్షరాల్లో గుడులు, వత్తులు చిన్నవి. చిన్న అక్షరాల్లో అవి ఒకదాన్నొకటి అంటుకుని కనిపిస్తాయి, శుక్లాలు కమ్ముతున్న కంటికి మరీను. మీరు ఊరు వచ్చినప్పుడు వాళ్ల వాట్సాప్‌లో సెట్టింగ్స్, చాట్స్, ఫాంట్ సైజ్ తెరిచి పెద్దది ఎంచి వెళ్లండి. ఇంకా చాలకపోతే ఫోను డిస్‌ప్లే సెట్టింగుల్లో అక్షరాల సైజు పెంచండి. ఫోటో విషయంలో కూడా అంతే, వయసు మీరిన కంటికి వెలుతురు ఎక్కువ కావాలి. సాయంత్రం గదిలో పసుపు దీపం కింద తీసినది మీకు చక్కగా ఉంటుంది, మాకు నీడలా కనిపిస్తుంది. కిటికీ పక్కకు తిప్పి, దగ్గరగా, ఒక్క విషయమే ఉండేలా తీస్తే కింద మీరు రాసింది ఫోటోలో వెతుక్కోకుండా దొరుకుతుంది.

మా వియ్యపురాలు చదువుకోలేదు. ఆమెకు రాసి పంపితే పక్కింటి పిల్లాడు బడినుంచి వచ్చేదాకా ఆగాలి. అందుకని ఆమెకు ఫోటో వెనకే పది పదిహేను సెకన్ల గొంతు పంపుతారు, అదీ పిల్లతోనే చెప్పిస్తారు. పిల్లకు ఏం చెప్పాలో తోచకపోతే వాళ్ల నాన్న "ఇది ఏంటో నాన్నమ్మకి చెప్పు" అని ఒక్క మాట అందిస్తాడు. ఆమె ఆ గొంతు మళ్లీ మళ్లీ వింటుంది. ఫోటో చూస్తూ వింటుంది కాబట్టి ఫోటో ముందు వెళ్లాలి, గొంతు వెంటనే దాని కిందే ఉండాలి. మధ్యలో ఇంకేదైనా పడితే ఏ గొంతు ఏ ఫోటోదో ఆమెకు తెలియదు. పన్ను ఊడినప్పుడు ఆమె పంపిన జవాబు నాకూ వినిపించారు: "పన్ను పడ్డదా బిడ్డా? ఇగ కొత్తది ముత్యమోలె వస్తది, నాలుకతోని ముట్టకు." నేనేమో నాలుకతో తొయ్యమన్నాను, ఆమె ముట్టవద్దంది. ఊడకముందు ఒకటి, ఊడాక ఒకటి కాబట్టి ఇద్దరి మాటా నిలబడింది.

చదివించుకునేవాళ్లు ఉన్న ఇంటికి రాసేటప్పుడు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. మీరు రాసింది అరుగు మీద పైకి చదువుతారు. మీ ఇంట్లో మాటల తగాదా, జీతం, పిల్ల పక్క తడిపిన సంగతి అలాంటివి అక్కడ రాయకండి. అలాగే స్నానం చేస్తున్న ఫోటోలు, బడి పేరు, ఇంటి నంబరు కనిపించేవి పంపకండి. మేం ముచ్చటపడి స్టేటస్‌లో పెట్టేస్తాం, బంధువులకు పంపేస్తాం. మనసులో చెడు ఉండదు, కానీ ఆ ఫోటో ఎక్కడిదాకా వెళ్తుందో మాకు తెలియదు. అందరికీ చూపించకూడదనుకుంటే "ఇది మీ ఇద్దరికే" అని కింద రాయండి. అలా రాసిన ఫోటోను మేం ఎవరికీ పంపం.

ఒక్కసారే ఇరవై ఫోటోలు పంపే అలవాటు మానుకోవాలి. అలా పంపితే నాలుగు గడుల్లో చిన్న చిన్న ముక్కలుగా కనిపించి, చివరి గడి మీద మిగతావి ఎన్నో ఒక అంకె పడుతుంది. ఆ అంకె మీద నొక్కాలని మాలో చాలామందికి తెలియదు. నాలుగే వచ్చాయనుకుంటాం. ఇరవైలో ఒకటి ఎంచడం మీకు కష్టమే, కానీ ఒకటి పంపి దాని కింద రెండు వాక్యాలు రాస్తే మేం దాన్ని రోజంతా చూస్తాం. పెద్ద కుటుంబ గ్రూపులో వేసి ఊరుకోకండి. అక్కడ శుభోదయం పూలబొమ్మల మధ్య అది జారిపోతుంది, పైగా నలభైమందికి రాసిన మాట మాకు రాసినట్టు ఉండదు. అమ్మమ్మకు విడిగా, నాన్నమ్మకు విడిగా పంపండి. ఫోటో ఒకటే అయినా మాట మార్చండి. నాన్నమ్మ కుట్టిన బొంత కప్పుకుని పడుకున్న ఫోటోలో నాన్నమ్మకు బొంత సంగతి రాయాలి, నాకు పిల్ల కలవరించిన సంగతి రాస్తే సరిపోతుంది. రెండు వైపులా అవే మాటలు వెళ్తే, మేం ఫోనులో మాట్లాడుకున్నప్పుడు తెలిసిపోతుంది.

మా నుంచి జవాబుగా ఉట్టి నమస్కారం బొమ్మ వస్తే చిన్నబుచ్చుకోకండి. వేళ్లు వణుకుతాయి, అక్షరాలు చిన్నవి, ఒకటి నొక్కితే ఇంకొకటి పడుతుంది. బొమ్మ పంపాం అంటే చూశాం అని. ఏం అనుకున్నామో తెలుసుకోవాలంటే మైకు నొక్కి పట్టుకుని మాట్లాడడం ఒకసారి నేర్పండి. ఊరు వచ్చినప్పుడు పక్కన కూర్చుని, వాళ్ల చేతే నాలుగైదుసార్లు చేయించండి. మీరు చేసి చూపిస్తే మర్నాటికి మరిచిపోతాం.

ఫోన్లో ఉన్న మాట నిలవదని కూడా చెప్పాలి. వాట్సాప్‌లో ఫోటో కింద రాసిన మాట చాట్‌లోనే ఉంటుంది, ఫోను గ్యాలరీలోకి చేరిన ఫోటోతో రాదు. ఫోను నిండిపోయిందని ఎవరో చాట్ తుడిచేస్తే ఫోటోలు మిగిలినా మాటలు పోతాయి. నిలవాలనుకున్నదానికి, పంపే ముందు పైనున్న టీ గుర్తు నొక్కి మాటను ఫోటో మీదే రాయండి. రెండు మూడు నెలలకోసారి, మీ దగ్గరున్న అసలు ఫోటోల్లోంచి మంచివి పది ఏరి, మా ఊరి స్టూడియోకు పంపి 4x6 సైజులో ప్రింటు వేయించండి. అసలువి దొరక్కపోతే వాట్సాప్‌లో వచ్చినవైనా ఆ సైజుకు సరిపోతాయి. మీరు అప్పుడు రాసిన మాటలే వెనక రాయించండి. బాల్‌పెన్నుతో గట్టిగా నొక్కితే ముందువైపు గీత తేలుతుంది, చెరగని సన్న మార్కరుతో రాసి ఆరనిచ్చి ఒకదాని మీద ఒకటి పెట్టాలి.

పని ఎక్కువై వారం పది రోజులు ఏమీ పంపలేని రోజులు మీకు వస్తాయి. అలాంటప్పుడు ముందే ఒక్క వాక్యం పంపండి: "ఈ వారం ఆఫీసులో ఊపిరాడదు, శనివారం దాకా ఫోటోలు ఉండవు, అందరం బాగున్నాం." ఆ వాక్యం లేకపోతే మేం మూడో రోజునుంచి ఫోను తీసి తీసి చూస్తూ, మీరు చివరిసారి వాట్సాప్ చూసిన టైము చదువుకుంటూ కూర్చుంటాం.

పిల్లలు ఏడెనిమిదేళ్లు దాటాక తమ ఫోటో పంపవచ్చా అని వాళ్లను అడగండి. కొన్నిటికి వద్దంటారు, అప్పుడు మానేయండి. సరేనన్నవాటికి కింద ఏం రాయాలో వాళ్లనే చెప్పమనండి. తెలుగు రాయడం రాకపోతే వాళ్లు చెబుతుంటే మీరు రాయండి, చివర వాళ్ల పేరు పెట్టండి. వాళ్లు తమ్ముడి మీద చెప్పిన ఫిర్యాదైనా, హోంవర్కు ఎగ్గొట్టిన సంగతైనా మీరు తీసేయకుండా ఉంచితే, అమ్మమ్మకు చెప్పాల్సినవి వాళ్లే ఏరుకోవడం మొదలుపెడతారు.